మీటరు 20.1 చూపించిన రోజు

మా సైటులో భూమి కింద వేసిన వాననీటి కాలువ ఒకటి ఉంది. 1200 మిల్లీమీటర్ల సిమెంటు పైపు, 60 మీటర్లకు ఒక మ్యాన్‌హోల్, లోతు సుమారు నాలుగున్నర మీటర్లు. 14వ, 15వ మ్యాన్‌హోల్స్ మధ్య ఎక్కడో పైపు జాయింటు కుంగిందని అనుమానం. పైన రోడ్డు కొద్దిగా దిగబడింది. కెమెరా పంపితే పూడికలో ఇరుక్కుని ముందుకు పోలేదు. మనిషి దిగి చూడాలని నిర్ణయించారు. పర్మిట్ తీసుకోవలసిన సూపర్‌వైజర్‌ని నేను. ఇంతకు ముందు ఇతరులు తీసుకున్న పర్మిట్ల కింద పనిచేశాను గానీ, ఇలాంటి ఇరుకైన, గాలి ఆడని చోట్లకు దిగడానికి ఇచ్చే కన్ఫైన్డ్ స్పేస్ పర్మిట్ మీద నా పేరు రాసుకోవడం అదే మొదటిసారి. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

ముందు రోజు సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఫారం నింపేశాను. పని వివరం, దిగే మనిషి పేరు, పైన కాపలా ఉండే హోల్ వాచ్ పేరు, పరికరాలు అన్నీ రాశాను. రెస్క్యూ అన్న గడిలో 'ట్రైపాడ్, వించ్, హార్నెస్ ఉన్నాయి. అవసరమైతే ఫైర్ సర్వీస్‌కు ఫోన్ చేస్తాం' అని రాసి, పర్మిట్ ఇచ్చే సేఫ్టీ ఆఫీసర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన మిగతావేవీ చూడలేదు. ఆ గడి మీద వేలు పెట్టి, "మనిషి పైపులో 30 మీటర్లు లోపలికి పోయాక పడిపోయాడు. ఈ ట్రైపాడ్ ఏం చేస్తుందో గీసి చూపించు" అన్నారు.

గీశాను. గీస్తున్నప్పుడే అర్థమైంది. ట్రైపాడ్ మ్యాన్‌హోల్ నోటి మీద నిలబడుతుంది. దాని తాడు నిలువుగా లాగుతుంది. మనిషి సరిగ్గా దాని కింద ఉంటేనే పైకి వస్తాడు. పైపులోకి అడ్డంగా పోయిన మనిషిని అదే తాడుతో లాగితే, పైపు నోటి పైఅంచు దగ్గర తాడు మడతపడి కాంక్రీటును కోసుకుంటూ ఇరుక్కుంటుంది. ఇక ఫైర్ సర్వీస్ అంటారా, వాళ్లు ఎంత వేగంగా వచ్చినా, వచ్చి బ్రీతింగ్ సెట్ వేసుకుని దిగేసరికి పోయే నిమిషాలు చాలా ఎక్కువ. గాలి అందకపోతే మెదడు తట్టుకునేది నాలుగైదు నిమిషాలు. ఆ ఫోన్ తప్పకుండా చేయాలి, కానీ మన రెస్క్యూ ఏర్పాటు అదే అనుకోకూడదు.

ఆ సాయంత్రం పర్మిట్ రాలేదు. "నువ్వు చేసి చూపించు, అప్పుడు సంతకం పెడతా" అన్నారు.

చేసి చూశాం. యార్డులో మిగిలిన పైపు ముక్కలు నాలుగు ఉన్నాయి. వాటిని వరసగా పెడితే పది మీటర్లయింది. చివర స్కాఫోల్డింగ్ కట్టి దాని మీద ట్రైపాడ్ నిలబెట్టాం. ఇసుక బస్తాలు కట్టి 75 కిలోల బొమ్మ తయారుచేసి, దానికి హార్నెస్ తొడిగి, వీపు మీది డి-రింగుకు తాడు కట్టి లాగాం. వీపు రింగుకే ఎందుకంటే, అక్కడి నుంచి లాగితే మనిషి తల ముందుగా, ఒంటికి తిన్నగా జారుతూ వస్తాడు. ముందు రింగుకు కడితే మెడ వెనక్కి వాలి తల పైపుకు కొట్టుకుంటుంది.

మొదటిసారి ముగ్గురం కలిసి లాగినా బొమ్మ రెండు మీటర్లు కూడా కదల్లేదు. తాడు పైపు అంచును పట్టేసింది, పీచు లేచింది. అప్పుడు పైపు నోటి దగ్గర కింద ఒక కప్పి బిగించాం. తాడు పైపులోంచి అడ్డంగా కప్పి వరకూ వచ్చి, అక్కడ తిరిగి నిలువుగా పైకి పోవాలి. ఈసారి పది మీటర్లు నిమిషం లోపే వచ్చింది. అంటే 30 మీటర్లకు మూడు నిమిషాలు. దాన్నే హద్దుగా పెట్టుకున్నాం. 60 మీటర్ల పైపును ఒకే వైపు నుంచి చూడకుండా, సగం 14 నుంచి, సగం 15 నుంచి చూడాలని నిర్ణయించాం. దిగే మనిషి ఏ క్షణంలోనూ 30 మీటర్లు దాటడు. ఆ గీతకు మించి పోవలసిన పని ఉంటే ఆ పని ఈ పర్మిట్ కిందకి రాదు.

కప్పిని అసలు చోట దేనికి బిగించాలి? చాంబర్ గోడల మధ్య అడ్డంగా జాకీ పైపు ఒకటి బిగించి, దానికి. బొమ్మకు మూడింతల బరువు వేలాడదీసి అది జారదని ముందు పైనే చూసుకున్నాం. దిగే మనిషి చేసే మొదటి పని అదే. అప్పుడు అతను ట్రైపాడ్‌కు సరిగ్గా కిందే ఉంటాడు కాబట్టి, ఆ పని చేస్తూ పడిపోయినా వించ్ తిప్పి నేరుగా పైకి తీసేయవచ్చు.

ఇంకొకటి మిగిలింది. లాగిన మనిషి కప్పి దాకా వస్తాడు, అక్కడి నుంచి వించ్ కొక్కేనికి మార్చేదెవరు? దానికి ఒకరు దిగాలి. అతను బ్రీతింగ్ సెట్ వేసుకుని, సొంత తాడు మీద దిగాలి. అలాంటి శిక్షణ ఉన్న ఇద్దరిని వేరే సైటు నుంచి ఆ రోజుకు పిలిపించాం. వాళ్లను కూడా మ్యాన్‌హోల్ నోటిలో సెట్ వేసుకుని నడుము దాకా దిగి చూడమన్నాం. నోరు 600 మిల్లీమీటర్లు, లోపల ఇనుప మెట్లు కొంత చోటు తినేశాయి. వీపు మీద సిలిండరుతో ఒకరు పట్టారు, ఇంకొకరు పట్టలేదు. పట్టినతనే దిగాలని రాసుకున్నాం. ఇది ప్రమాదం జరిగిన నిమిషంలో తెలిసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఆ పని రోజు ఉదయం గ్యాస్ టెస్టర్ వచ్చారు. నాకంటే వయసులో పెద్ద, ఆయన్ను అందరూ అన్నా అనే పిలుస్తారు. నాలుగు గ్యాసుల మీటరు తెచ్చారు. ముందు మ్యాన్‌హోల్‌కు, జనరేటర్‌కు, బండ్లకు దూరంగా నిలబడి మంచి గాలిలో ఆన్ చేశారు. ఆక్సిజన్ 20.9, మండే వాయువు సున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా, కార్బన్ మోనాక్సైడ్ సున్నా. తర్వాత తెలిసిన గ్యాసు నింపిన చిన్న సిలిండరుతో బంప్ టెస్ట్ చేశారు. సెన్సర్ చచ్చిపోయినా మీటరు సున్నానే చూపిస్తుంది. ఆ సున్నాకూ నిజమైన సున్నాకూ తేడా ఈ పరీక్షలో తప్ప తెలియదు.

మూత తీయకముందే దాని రంధ్రంలోంచి గొట్టం దింపి చూశారు. మీథేన్ గాలి కంటే తేలిక, మూత కింద చేరి ఉండవచ్చు. ఇనుప గడ్డపారతో మూత లేపినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ ఏమీ లేదు. గాలి ఎటునుంచి వీస్తోందో ఆ వైపు నిలబడి మూత తీసి, గొట్టానికి బరువు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల చూశారు. ప్రతి చోటా రెండేసి నిమిషాలు ఆగారు. ఆరు మీటర్ల గొట్టంలోంచి కింది గాలి మీటరు దాకా రావడానికే దాదాపు ఇరవై సెకన్లు పడుతుంది, ఆ తర్వాత సెన్సర్ సరైన అంకెకు చేరడానికి ఇంకో అర నిమిషం. గొట్టం దింపిన వెంటనే కనిపించే అంకె పైగాలిదే.

పైన 20.9. మధ్యలో 20.7. అడుగున 20.1. మిగతా మూడూ అన్నిచోట్లా సున్నా.

మా పర్మిట్ మీద ఆక్సిజన్ హద్దులు 19.5 నుంచి 23.5. నేను పెన్ను తీసి రాయబోతున్నాను. అన్న నా చేయి పట్టుకున్నారు.

"అన్నా, లిమిట్‌లోనే ఉంది కదా?"

"ఉంది తమ్ముడూ. బయట 20.9 ఉంది, ఇక్కడ 20.1 ఉంది. ఆ 0.8 ఎక్కడికి పోయిందో చెప్పు, రాసుకో."

నా దగ్గర జవాబు లేదు. ఆయన నిదానంగా చెప్పారు. ఆక్సిజన్ తగ్గడానికి రెండు దారులు. ఒకటి, వేరే గ్యాసు ఏదో వచ్చి గాలిని పక్కకు నెట్టడం. గాలిలో ఆక్సిజన్ సుమారు ఐదో వంతు మాత్రమే. కాబట్టి ఆక్సిజన్ 0.8 శాతం పోయిందంటే మొత్తం గాలి దాదాపు 4 శాతం పోయి, ఆ చోటును ఇంకేదో ఆక్రమించిందని లెక్క. 4 శాతం అంటే పది లక్షల భాగాల్లో 40,000, అంటే 40,000 పీపీఎం. రెండో దారి, ఆక్సిజన్ అక్కడే ఖర్చయిపోవడం. కుళ్లే ఆకులు, బురదలోని సూక్ష్మజీవులు దాన్ని వాడుకుని దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అంటే 8,000 పీపీఎం చుట్టుపక్కల. మండే వాయువు సున్నా చూపిస్తోంది కాబట్టి మీథేన్ కాదు. మన నాలుగు గ్యాసుల మీటరుకు కార్బన్ డయాక్సైడ్ అసలు కనిపించదు. ఎనిమిది గంటల పనికి దాని హద్దు 5,000 పీపీఎం. 40,000 దగ్గర అది ప్రాణాపాయం. ఈ రెండు దారుల్లో ఏదైనా, హద్దు దాటినట్టే. కానీ మీటరు మాత్రం మోగదు.

నాకు ఒళ్లు చల్లబడింది. 19.5 అంటే అంతవరకూ మంచిగాలే అని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ అంకె ఊపిరికి ఆక్సిజన్ చాలుతుందా అని మాత్రమే చెబుతుంది. దాని స్థానంలో ఏం చేరిందో చెప్పదు.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఉన్న మీటరు తెప్పించాం. గంటన్నర పట్టింది. అడుగున 0.9 శాతం చూపించింది, అంటే 9,000. కుళ్లుడు వల్లే అని తేలింది. పైపు కుంగిన చోట నీళ్లు నిలిచి, ఆకులూ మట్టీ చేరి మురిగిపోతున్నాయన్నమాట.

అన్న అక్కడితో ఆగలేదు. పొడుగాటి గడ ఒకటి తీసుకుని, గొట్టం చివర అడుగునే ఉంచి, పూడికను కలియబెట్టారు. నల్లటి బుడగలు లేచాయి. అరనిమిషం తర్వాత అప్పటిదాకా సున్నాగా ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ 6, తర్వాత 11, తర్వాత 14 అయింది. 10 దాటగానే మీటరు మోగడం మొదలైంది. కుళ్లిన గుడ్డు వాసన పైదాకా వచ్చింది. "మనవాడు దిగి అడుగేస్తే జరిగేది ఇదే. కదపకుండా చూసిన సున్నా, మనిషి నడిచినప్పటి సున్నా కాదు" అన్నారు. వాసన ఉంది కదా, తెలుస్తుంది కదా అనుకునేవారికి ఒక మాట: ఈ గ్యాసు 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందని ఊపిరి పీల్చుకునే సమయానికే అది చంపే స్థాయిలో ఉండవచ్చు.

పర్మిట్ ఆపేశాం. ముందు పైనుంచే పూడిక తీయించాలని నిర్ణయమైంది. జెట్టింగ్, సక్షన్ ఉన్న లారీ వచ్చి మనిషి దిగకుండానే రెండు మ్యాన్‌హోల్స్ నుంచీ బురద లాగేసింది. నీళ్లు కొట్టేటప్పుడు కూడా గ్యాసు లేస్తుంది కాబట్టి నోటి దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదు.

తర్వాత గాలి. బ్లోవర్ డక్టు 14లో అడుగు దాకా దింపి, 15 మూత తెరిచి ఉంచాం, గాలి ఒకవైపు దూరి పైపంతా నడిచి అటు బయటికి పోయేలా. 15 మూసి ఉంటే గాలి చాంబర్‌లోనే తిరిగి పైకి వచ్చేస్తుంది, పైపులోపలిది అలాగే ఉంటుంది. ఎంతసేపు తోలాలో లెక్క వేశాం. చాంబర్ 5 ఘనమీటర్లు, పైపు సుమారు 68, మొత్తం 73. డక్టు చివర బ్లోవర్ ఇచ్చేది నిమిషానికి 25. ఒకసారి గాలి మారడానికి మూడు నిమిషాలు. కొత్తా పాతా కలిసిపోతాయి కాబట్టి ఒక్కసారి చాలదు, ఏడుసార్లు మార్చాలని మా పద్ధతి. ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా తోలాం. చాంబర్ ఒక్కటే లెక్కపెట్టి ఉంటే ఒకటిన్నర నిమిషంలో అయిపోయిందని అనుకునేవాళ్లం.

మళ్లీ పరీక్ష. అన్నిచోట్లా 20.9, కార్బన్ డయాక్సైడ్ మామూలు. అప్పుడు బ్లోవర్ ఆపి పావుగంట ఆగి ఇంకోసారి చూశారు. గాలి తోలుతుంటే అంకెలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. ఆపితే ఏం ఊరుతోందో తెలుస్తుంది, బ్లోవర్ చెడిపోతే మనకెంత టైం ఉందో కూడా తెలుస్తుంది. 20.8 వచ్చింది, హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. బ్లోవర్ మళ్లీ వేశాం, పని ముగిసేదాకా ఆపలేదు.

మధ్యాహ్నం 1:40కి సేఫ్టీ ఆఫీసర్ గారు సంతకం పెట్టారు. గడువు సాయంత్రం 5 గంటల వరకు. అంతకుముందు మమ్మల్నందరినీ నోటి చుట్టూ నిలబెట్టి, హోల్ వాచ్‌ను అడిగారు: "లోపల మనిషి పలకలేదు. నువ్వేం చేస్తావ్?"

"తాడు లాగుతాను సార్, హారన్ కొడతాను. దిగను."

"నీ సొంత అన్నే లోపల ఉన్నాడనుకో."

అతను కాసేపు ఆగాడు. "దిగను సార్" అన్నాడు.

ఆ ప్రశ్న కఠినమైనదే, కానీ అడగాల్సిందే. అమెరికాలోని వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది, ఇలాంటి చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని. చూస్తూ నిలబడలేక దిగుతారు. అందుకే దిగకుండా లాగే దారి ముందే ఉండాలి. అది ఉంటేనే 'దిగను' అన్న మాట నిలబడుతుంది.

దిగే మనిషి మెడలో మీటరు, నడుముకు బయటపడటానికి పది నిమిషాల గాలి ఇచ్చే ఎస్కేప్ సెట్, వీపున తాడు. పైపులోపల వాకీటాకీ సరిగా అందలేదు కాబట్టి తాడు సైగలు పెట్టుకున్నాం. ప్రతి రెండు నిమిషాలకు ఒక లాగు, తిరిగి ఒక లాగు. జవాబు లేకపోతే ఇంకొకసారి, అప్పటికీ లేకపోతే బయటికి లాగడమే.

వాన కాలువ కాబట్టి ఇంకో కాపలా కూడా ఉంది. మా నెత్తిన చినుకు పడకపోయినా పైన ఎక్కడో పడితే నీళ్లు మా దగ్గరికే వస్తాయి. పై వైపు రెండు కిలోమీటర్ల దూరంలో ఒక మనిషిని ఫోనుతో కూర్చోబెట్టాం. చినుకు పడితే ఫోన్, ఫోన్ వస్తే అందరూ బయటికి, చర్చ లేదు. ఆ కాలువలోకి నీళ్లు తోలే పంపును కూడా ఆపి, దాని స్విచ్‌కు తాళం వేసి తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను.

14 వైపు సగం బాగానే జరిగింది. 22వ మీటరు దగ్గర జాయింటు రెండు వేళ్ల మందాన తెరుచుకుని ఉంది, రబ్బరు రింగు బయటికి వేలాడుతోంది. అతను ఫోటోలు తీసుకున్నాడు. ఒక్కసారి మాత్రం మెడలోని మీటరు కార్బన్ మోనాక్సైడ్ 9 చూపించిందని పైకి వచ్చాక చెప్పాడు. అలారం 35కి గానీ మోగదు. చూస్తే గాలి దిశ మారి జనరేటర్ పొగ బ్లోవర్ నోటివైపు వస్తోంది. జనరేటర్‌ను ఇంకా దూరం జరిపాం. ఆ 20.1 చూసిన తర్వాత చిన్న అంకెలను వదిలేయడం ఎవరివల్లా కాలేదు.

మూడున్నరకు 15 వైపు సిద్ధం చేసుకున్నాం. బ్లోవర్ అటు మార్చి, మళ్లీ తోలి, మళ్లీ పరీక్షించి మనిషిని దింపాం. పది మీటర్లు పోయాడో లేదో ఫోన్ వచ్చింది. "అన్నా, ఇక్కడ చినుకులు." మా దగ్గర ఎండ కాస్తోంది. లోపలి మనిషికి నాలుగు లాగులు ఇచ్చాం. రెండు నిమిషాల్లో నేల మీద ఉన్నాడు. కొందరు ఆకాశం చూసి, ఇంకో పది నిమిషాలు పనిచేసి ఉంటే పూర్తయ్యేదన్నారు. నలభై నిమిషాలకు పైపులోకి మురికి నీళ్లు వచ్చాయి. ముందు చీలమండ లోతు, తర్వాత మోకాలి లోతు. అంత వేగంలో 1200 పైపులో వంగి నడిచే మనిషి నిలబడలేడు.

పర్మిట్ మీద 'రద్దు' అని రాసి, టైం వేసి, దిగినవారి ట్యాగులు లెక్కపెట్టి, మూతలు మూసి, పంపు తాళం తిరిగి ఇచ్చేశాను.

రెండు రోజుల తర్వాత నీళ్లు తగ్గాక 15 వైపు మిగిలిన సగానికి కొత్త పర్మిట్ రాశాం. పూడిక తీసేశాం కదా, అంతా శుభ్రమే కదా అనుకుంటూనే అన్నతో పాటు నేనూ మీటరు ముందు కూర్చున్నాను. పైన 20.9. మధ్యలో 20.8. అడుగున 20.5.

"ఆ 0.4 ఎక్కడికి పోయింది తమ్ముడూ?" అన్నారు అన్న.

"వాన కొత్త చెత్త తెచ్చి ఉంటుంది అన్నా. రెండో మీటరు పెట్టి, గడతో కలియబెట్టి చూద్దాం" అన్నాను.